సౌదీలో చనిపోయిన మనిషిని ఇంటికి తెప్పించడానికి ఎంబసీకి లెటర్ ఎవరు రాయాలి, ఏం రాయాలి?

ప్రశ్న: "మా బావ దమ్మాం దగ్గర ఒక కంపెనీలో పనిచేసేవాడు. ఐదు రోజుల కింద రూములో నిద్రలోనే చనిపోయాడని తోటివాళ్ళు ఫోన్ చేశారు. కంపెనీ వాళ్ళను అడిగితే పేపర్లు అవుతున్నాయి అంటున్నారు, అంతకు మించి చెప్పట్లేదు. ఎంబసీకి లెటర్ పెట్టమని అందరూ అంటున్నారు. ఎవరి పేరుతో పెట్టాలి, అందులో ఏం రాయాలి? అక్కకు చదువు రాదు. మాది జగిత్యాల దగ్గర ఊరు."

మీ అక్క పేరుతోనే పెట్టండి. రియాద్‌లోని భారత రాయబార కార్యాలయానికి, ఇంగ్లీషులో, ఒక్క పేజీ దాటకుండా. ఆమెకు సంతకం రాకపోతే వేలిముద్ర వేయించి, పక్కన ఇద్దరు సాక్షుల సంతకాలు, ఫోన్ నంబర్లు పెట్టించండి. దాంతోపాటు నోటరీ చేయించిన అంగీకార పత్రం వేరుగా కావాలి. చాలామంది ఈ రెండూ ఒకటే అనుకుంటారు. లెటర్ వల్ల అక్కడ ఫైలు తెరుచుకుంటుంది. శవం కదిలేది మాత్రం ఆ నోటరీ కాగితం మీదే. రెండూ ఒకేరోజు తయారు చేయించండి, ఒకటి పంపి దాని జవాబు కోసం కూర్చోవద్దు.

నేను కూడా దమ్మాం వైపు కొన్నేళ్ళు పనిచేసి వచ్చినవాణ్ణే. వచ్చాక మా మండలంలో గల్ఫ్ కుటుంబాలకు ఇలాంటి కాగితాలు రాసిపెడుతున్నాను. అందుకే కాస్త వివరంగా చెప్తాను.

ముందు ఎక్కడికి పంపాలో చూసుకోండి. సౌదీలో మన ఆఫీసులు రెండు. రియాద్‌లో ఎంబసీ, జెద్దాలో కాన్సులేట్. దమ్మాం, ఖోబర్, జుబైల్, రియాద్, కసీం, హాయిల్ వైపు చనిపోతే రియాద్ చూస్తుంది. మక్కా, మదీనా, తబూక్, అబహా, జీజాన్, నజ్రాన్ వైపు అయితే జెద్దా. మీది దమ్మాం కాబట్టి రియాద్. ఒకసారి ఖమీస్ ముషైత్‌లో పోయిన మనిషి కోసం ఇంటివాళ్ళు రియాద్‌కు లెటర్ పెట్టి ఆరు రోజులు ఎదురుచూశారు. అది అసీర్ ప్రాంతం, జెద్దా కిందికి వస్తుంది. ఆ ఆరు రోజులూ అలా పోయాయి.

ఇంకో మాట. ప్రధానికి, ముఖ్యమంత్రికి, ఎంపీకి, పది వాట్సాప్ గ్రూపులకు ఒకే లెటర్ పంపితే త్వరగా అవుతుందనుకోవద్దు. అవన్నీ తిరిగి తిరిగి ఎంబసీలో అదే బల్ల మీదికే వస్తాయి, ఒక్కోసారి ఒక్కోదాంట్లో ఒక్కో నంబరు ఉంటుంది. విదేశాంగ శాఖ 2015లో మొదలుపెట్టిన మదద్ పోర్టల్ ఉంది, madad.gov.in. అందులో మీరే అకౌంట్ తెరిచి, భౌతికకాయం తరలింపు అనే విభాగంలో ఫిర్యాదు నమోదు చేసి, లెటర్ అప్‌లోడ్ చేయండి. ఒక నంబరు వస్తుంది. తర్వాత ఎవరికి ఫోన్ చేసినా, ఎవరికి మెయిల్ పెట్టినా ఆ నంబరు పైన రాసి పెట్టండి. ఎంపీ గారి ఆఫీసు సాయం చేస్తానన్నా ఆ నంబరే ఇవ్వండి.

ఇప్పుడు లెటర్ సంగతి. నా దగ్గరికి వచ్చే చిత్తుప్రతులు ఎక్కువగా ఒకే తీరుగా ఉంటాయి. రెండు పేజీలు కష్టాలు ఉంటాయి, ఆయన ఎంత మంచివాడో ఉంటుంది, పిల్లలు ఎలా ఏడుస్తున్నారో ఉంటుంది. అకామా, అంటే సౌదీలో ఉండడానికి ఇచ్చే కార్డు, దాని నంబరు మాత్రం ఉండదు. ఆ దుఃఖం అబద్ధం కాదు. కానీ అటువైపు చదివే అధికారికి కావలసినవి ఐదే సంగతులు: చనిపోయింది ఎవరు, శవం ఇప్పుడు ఎక్కడుంది, కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని ఎవరు, కుటుంబం నిర్ణయం ఏమిటి, అక్కడ కుటుంబం తరఫున నడిచేది ఎవరు. ఈ ఐదూ ఉంటే ఆయన ఆ రోజే కంపెనీకి ఫోన్ చేయగలడు. లేకపోతే వివరాలు పంపమని మీకే తిరిగి మెయిల్ వస్తుంది.

నేను రాయించేది ఇలా ఉంటుంది. దీన్ని ఇంగ్లీషులోకి మార్పించండి, మాటలు పెంచవద్దు.

"భారత రాయబార కార్యాలయం, రియాద్, కమ్యూనిటీ వెల్ఫేర్ విభాగం వారికి.

విషయం: నా భర్త (పాస్‌పోర్టులో ఉన్నట్టుగా పూర్తి పేరు, పాస్‌పోర్టు నంబరు, అకామా నంబరు) భౌతికకాయాన్ని హైదరాబాద్‌కు పంపించవలసిందిగా విన్నపం. మదద్ ఫిర్యాదు నంబరు ఫలానా.

అయ్యా, నేను పై వ్యక్తి భార్యను. మాది జగిత్యాల జిల్లా, ఫలానా మండలం, ఫలానా గ్రామం. నా భర్త ఫలానా తేదీన దమ్మాంలో తన గదిలో చనిపోయారని ఆయనతో ఉండే ఫలానా వ్యక్తి (ఫోన్ నంబరు) మాకు చెప్పారు. భౌతికకాయం ఫలానా ఆసుపత్రి మార్చురీలో ఉందని తెలిసింది. ఆయన కంపెనీ పేరు, కఫీల్ పేరు, ఫోన్ నంబరు ఇవి.

భౌతికకాయాన్ని మా స్వగ్రామంలో అంత్యక్రియలకు పంపించాలని నేను, నా అత్తమామలు కోరుతున్నాం. సౌదీలో ఖననానికి మేము అంగీకరించడం లేదు. అక్కడి కాగితాల పనికి ఫలానా వ్యక్తికి (అకామా నంబరు, ఫోన్ నంబరు) అధికారం ఇస్తున్నాం. నోటరీ పత్రం జత చేశాం.

తరలింపు ఖర్చు యజమాని భరించేలా చూడగలరు. యజమాని నిరాకరిస్తే ఇండియన్ కమ్యూనిటీ వెల్ఫేర్ ఫండ్ నుంచి సహాయం చేయగలరు. మాకు వేరే ఆదాయం లేదు, రేషన్ కార్డు ప్రతి జత చేశాం.

నా భర్తకు రావలసిన జీతం బకాయి, సర్వీసు డబ్బు, ఇతర పరిహారం మీద మా హక్కును మేము వదులుకోలేదు. అవి ఎంబసీ ద్వారా మాకు అందేలా చూడగలరు. శంషాబాద్ విమానాశ్రయంలో భౌతికకాయాన్ని ఫలానా వ్యక్తి (ఆధార్‌లో ఉన్న పేరు, ఫోన్ నంబరు) తీసుకుంటారు."

అంతే. జత చేయవలసినవి ఆయన పాస్‌పోర్టు మొదటి, చివరి పేజీలు, అకామా ప్రతి, మీ అక్క ఆధార్, ఇద్దరికీ ఉన్న సంబంధం చూపే ఏదో ఒక కాగితం. ఆయన పాస్‌పోర్టు చివరి పేజీలో భార్య పేరు ఉంటే అదే గట్టి ఆధారం. లేకపోతే తహసీల్దార్ ఆఫీసులో కుటుంబ సభ్యుల ధ్రువపత్రం తీసుకోండి. అది ఎలాగూ తర్వాత డబ్బుల సమయంలో కూడా అడుగుతారు.

అకామా నంబరు దొరకట్లేదని చాలామంది ఆగిపోతారు. అది 2తో మొదలయ్యే పది అంకెల నంబరు. ఆయన ఇంటికి డబ్బు పంపినప్పుడు ఇచ్చిన రసీదు ఫొటో మీ అక్క ఫోనులో ఉందేమో వెతకండి, నాకు ఎన్నోసార్లు అక్కడే దొరికింది. పాస్‌పోర్టు ప్రతి వీసా పంపిన ఏజెంటు దగ్గర ఉండొచ్చు, ఒకసారి అడగండి. పేరు మాత్రం పాస్‌పోర్టులో ఉన్న అక్షరాలతోనే రాయండి. ఊళ్ళో అందరూ రాజన్న అంటారని రాజన్న అని రాస్తే, అక్కడ ఆసుపత్రి కాగితంలో ఉన్న పేరుకు మీ పేరుకు పొంతన ఉండదు. ఆధార్‌లో ఒకలా, పాస్‌పోర్టులో ఒకలా ఉంటే రెండూ ఒక్కరే అని నోటరీ పత్రంలోనే ఒక వాక్యం పెట్టించండి.

సౌదీలో ఖననానికి ఒప్పుకోవట్లేదని లెటర్‌లో ఎందుకు రాయిస్తానంటే, కుటుంబం ఏ నిర్ణయమూ చెప్పకపోతే ఫైలు అలాగే ఉండిపోతుంది. ఇక్కడికి పంపాలా, అక్కడే ఖననం చేయాలా, ఏదో ఒకటి మీరు తేల్చి చెప్పాలి. మధ్యేమార్గంగా కొందరు అక్కడే దహనం చేసి అస్థికలు పంపమంటారు. దుబాయ్‌లో అయితే దహనవాటిక ఉంది. సౌదీలో దహనానికి అనుమతి లేదు. కాబట్టి ఆ కోరిక లెటర్‌లో రాయడం వల్ల ప్రయోజనం లేదు.

నోటరీ పత్రం గురించి. వంద రూపాయల స్టాంపు కాగితం మీద, మీ అక్క, వాళ్ళ అత్తమామలు, మేజర్ అయిన పిల్లలు ఉంటే వాళ్ళూ సంతకాలు చేయాలి. మైనర్ పిల్లల తరఫున తల్లి చేస్తుంది. అక్కడ నడిచే మనిషి పేరు, అకామా నంబరు రాయాలి. ఆ మనిషి మీ బంధువు కావచ్చు, ఊరివాడు కావచ్చు, ఎంబసీతో పనిచేసే సామాజిక కార్యకర్త కావచ్చు. కంపెనీ మనిషి పేరు పెట్టమని కంపెనీ అడుగుతుంది. కంపెనీ సరిగ్గా స్పందిస్తుంటే పెట్టినా ఇబ్బంది లేదు, పని తొందరగా కూడా అవుతుంది. కానీ శవాన్ని పంపే పనికి మాత్రమే అధికారం అని స్పష్టంగా ఉండాలి. డబ్బు తీసుకునే అధికారం అందులో కలపవద్దు. ముందు స్కాన్ కాపీతో పని మొదలవుతుంది. ఒరిజినల్ మీ దగ్గరే భద్రంగా పెట్టుకోండి, అడిగినప్పుడు పంపవచ్చు.

అందరూ సంతకాలు పెట్టాలని ఎందుకంటున్నానో ఒక కేసు చెప్తాను. తండ్రి తరఫున ఒక లెటర్ వెళ్ళింది, కొడుకును వెంటనే పంపమని. రెండు రోజులకు భార్య పుట్టింటి నుంచి ఇంకో లెటర్ వెళ్ళింది, ఎలా చనిపోయాడో తేలేదాకా పంపొద్దని. ఎవరి బాధ వాళ్ళది. కానీ రెండు లెటర్లు చేరాక అక్కడ ఎవరూ ముందడుగు వేయలేదు. సర్పంచ్ ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి ఒకే కాగితం మీద సంతకాలు పెట్టించేసరికి పద్దెనిమిది రోజులు గడిచాయి.

మరణం మీద అనుమానం ఉంటే దాచమని కాదు. "మాకు ఫలానా కారణంగా సందేహం ఉంది, వైద్య నివేదిక, పోలీసు నివేదిక ప్రతులు ఇప్పించగలరు" అని రెండు వాక్యాలు రాయండి. ఆసుపత్రి కాగితంలో గుండె, శ్వాస ఆగిపోయాయి అని ఉంటుంది. చాలామంది దాన్ని గుండెపోటు అనుకుంటారు. ఎవరు చనిపోయినా చివరికి ఆగేవి అవే, అది అసలు కారణం చెప్పినట్టు కాదు. మీ బావది నిద్రలో మరణం కాబట్టి పోలీసు కాగితం కూడా ఉంటుంది, దాని ప్రతి అడగండి. ప్రమాదం, ఆత్మహత్య లాంటివి అయితే అక్కడి పోలీసు విచారణ పూర్తయ్యేదాకా ఎంబసీ కూడా తొందరపెట్టలేదు, నెలలు పట్టిన సందర్భాలు చూశాను. మామూలు మరణమై కంపెనీ సహకరిస్తే రెండు మూడు వారాలు అనుకోండి.

ఖర్చు ఎవరిది? యజమానిది. సౌదీ కార్మిక చట్టం 40వ ఆర్టికల్‌లోనే ఉంది, శవాన్ని సిద్ధం చేసి, కార్మికుడిని తీసుకున్న చోటికి పంపే ఖర్చు యజమాని భరించాలని. అక్కడి సామాజిక బీమా సంస్థ భరించే కేసుల్లోనే ఆయనకు మినహాయింపు. అందుకే లెటర్‌లో ముందు యజమాని, తర్వాతే వెల్ఫేర్ ఫండ్ అని రాయిస్తాను. ఆ ఫండ్ 2009లో పెట్టింది, కుటుంబం పేదదై, యజమాని నుంచి గానీ బీమా నుంచి గానీ డబ్బు రానప్పుడు వాడేది. మొదటి వాక్యంలోనే ఫండ్ అడిగితే, యజమాని సంగతి ఏమైంది అనే ప్రశ్న వస్తుంది.

మీ బావ కంపెనీ వీసా మీదే ఉన్నాడని అనుకుంటున్నాను. ఒకవేళ బయట పనిచేస్తూ హురూబ్ పడి ఉంటే, అంటే పని వదిలి పారిపోయాడని కఫీల్ ఫిర్యాదు చేసి ఉంటే, మనవాళ్ళు ఖల్లివల్లి అంటారు కదా, అది కూడా లెటర్‌లో రాసేయండి. సిగ్గుపడి దాచిన ఒక కుటుంబం కేసు నాకు బాగా గుర్తు. రియాద్ బయట మేస్త్రీ పని చేసే నలభై రెండేళ్ళ మనిషి. ఇంటివాళ్ళ లెటర్‌లో కంపెనీ పేరు ఉంది. ఎంబసీ ఆ కంపెనీకి ఫోన్ చేస్తే, వాడు మా దగ్గర నుంచి వెళ్ళిపోయి మూడేళ్ళయింది, మాకు సంబంధం లేదన్నారు. ఇంటివాళ్ళకు అదే జవాబు వచ్చింది. అప్పుడు నా దగ్గరికి వచ్చారు. ఆయన తమ్ముణ్ణి కూర్చోబెట్టి అడిగితే అసలు సంగతి చెప్పాడు. కొత్త లెటర్‌లో ఉన్నది ఉన్నట్టు రాశాం: ఫలానా కఫీల్ వీసా మీద వెళ్ళారు, ఫలానా సంవత్సరం నుంచి ఆ కఫీల్ దగ్గర లేరు, అకామా గడువు అయిపోయింది, ప్రస్తుతం ఆయనకు పని ఇచ్చిన మనిషి నంబరు ఇది, యజమాని నుంచి ఖర్చు వచ్చే అవకాశం కనపడడం లేదు కాబట్టి వెల్ఫేర్ ఫండ్ నుంచి పంపగలరు. అదే గదిలో ఉండే నిజామాబాద్ మనిషికి అధికారం ఇచ్చాం, అతనికి అకామా ఉంది. అకామా లేని మనిషిని ఆఫీసుల చుట్టూ తిప్పలేం, అది కూడా చూసుకోవాలి. జవాజాత్‌లో, అంటే సౌదీ పాస్‌పోర్టు ఆఫీసులో, ఫైనల్ ఎగ్జిట్ దగ్గర కొంత ఆగింది, చివరికి ఫండ్ డబ్బుతోనే శవం వచ్చింది. చనిపోయిన నలభై ఒకటో రోజు. మొదటి లెటర్‌లోనే నిజం రాసి ఉంటే అంత పట్టేది కాదు.

ఇక కంపెనీ పంపే కాగితాల గురించి జాగ్రత్త. కొన్ని కంపెనీలు వాట్సాప్‌లో ఒక నమూనా పంపి, సంతకం చేసి పంపితే మూడు రోజుల్లో బాడీ వస్తుంది అంటాయి. ఆ కాగితం మొత్తం చదివించండి. అరబీ ఉంటే అరబీ తెలిసినవాళ్ళతోనే చదివించండి. మా పక్క ఊరి ఒక తల్లి సంతకం చేసిన కాగితంలో మూడో పేరాలో "మాకు రావలసినదంతా ముట్టింది, కంపెనీ మీద ఎలాంటి క్లెయిమూ లేదు" అని ఉంది. ఆమెకు ఒక్క రియాల్ ముట్టలేదు. కొడుకు ఏడేళ్ళ సర్వీసు. అలాంటి వాక్యం కనిపిస్తే దాన్ని కొట్టేయించండి, ఒప్పుకోకపోతే ఆ కాగితం పక్కన పెట్టి మీ నోటరీ పత్రమే పంపి, కంపెనీ పంపిన దాన్ని ఎంబసీకి చూపించండి. శవం రావడం వేరు, డబ్బు రావడం వేరు. డబ్బు కోసం శవాన్ని ఆపుకోవాల్సిన పని లేదు, శవం కోసం డబ్బు వదులుకోవాల్సిన పని అంతకన్నా లేదు.

బీమా గురించి కూడా అడుగుతారు కాబట్టి చెప్తున్నాను. ఎమిగ్రేషన్ క్లియరెన్స్ మీద వెళ్ళినవాళ్ళకు ప్రవాసీ భారతీయ బీమా యోజన పాలసీ ఉంటుంది, 10 లక్షలు. అది ప్రమాద మరణానికి. నిద్రలో పోయిన కేసులో దాని మీద ఆశ పెట్టుకోవద్దు. తెలంగాణ ప్రభుత్వం ఇచ్చే 5 లక్షల ఎక్స్‌గ్రేషియా మాత్రం 2023 డిసెంబరు 7 తర్వాత గల్ఫ్‌లో చనిపోయినవాళ్ళ కుటుంబాలకు ఉంది. శవం వచ్చాక, డెత్ సర్టిఫికెట్‌తో ఆలస్యం చేయకుండా కలెక్టరేట్‌లో దరఖాస్తు పెట్టండి.

శవం బయలుదేరే ముందు మీరు అడిగి తీసుకోవాల్సినవి నాలుగు ఫొటోలు: డెత్ సర్టిఫికెట్, ఎంబామింగ్ సర్టిఫికెట్, ఎంబసీ ఇచ్చే నో అబ్జెక్షన్, రద్దు చేసిన పాస్‌పోర్టు. అక్కడ నడిచే మనిషి ఒక్కొక్కటి చేతికి రాగానే వాట్సాప్ చేయాలి. కేంద్ర ఆరోగ్య శాఖ 2023లో పెట్టిన ఈ-కేర్ పోర్టల్‌లో క్లియరెన్స్‌కు అడిగేవి ఇవే. మామూలుగా కార్గో వాళ్ళు చూసుకుంటారు, కానీ ఒక కాగితం మసకగా ఉందని ఆగితే మీ దగ్గర కాపీ ఉండాలి. కార్గో బిల్లు నంబరు రాగానే రాష్ట్ర ప్రభుత్వ ఎన్నారై విభాగానికి చెప్తే శంషాబాద్ నుంచి ఊరికి ఉచిత అంబులెన్స్ పెడతారు. విమానం దిగాక చెప్తే దొరకడం కష్టం.

లెటర్‌లో చివర రాసే తీసుకునే మనిషి పేరు చిన్న విషయంలా కనిపిస్తుంది. కార్గో బిల్లు మీద అదే పేరు ఎక్కుతుంది. ఒకసారి ఎవరో ఇంటి పేరు లేకుండా రాసి ఇచ్చారు, ఆధార్‌లో ఇంటి పేరుతో ఉంది, రాత్రి రెండు గంటలకు శంషాబాద్ కార్గో దగ్గర శవపేటిక లోపల, మేము బయట. తెల్లారేదాకా అలాగే నిలబడ్డాం. కాబట్టి మీ అక్కను విమానాశ్రయానికి తీసుకెళ్ళకండి, మీరే వెళ్ళండి, మీ ఆధార్‌లో ఉన్న పేరే అక్షరం పొల్లుపోకుండా రాయండి. రద్దు చేసిన ఒరిజినల్ పాస్‌పోర్టు శవంతో పాటు కాగితాల కవర్‌లో వస్తుంది, దాన్ని అక్కడే చూసి తీసుకోండి.

ఆసుపత్రి పేరు, అకామా నంబరు దొరికాక ఇక్కడే చెప్పండి. నంబర్లు మాత్రం ఇక్కడ పెట్టవద్దు. ఇంగ్లీషు చిత్తుప్రతి నేను చూసిపెడతాను.